మజిలీలో వలస పక్షి రోజుకు ఎంత కొవ్వు పోగేసుకుందో లెక్కకట్టడం ఎలా: డెలావేర్ బే నాట్ పక్షులతో అంచెలంచెలుగా

వలస పక్షుల మీద ప్రాజెక్టు రాసే డిగ్రీ విద్యార్థులు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే ప్రశ్న: "సార్, పక్షి బరువులు ఉన్నాయి, తేదీలు ఉన్నాయి, రోజుకు ఎన్ని గ్రాములు పెరిగిందో ఎలా రాయాలి?" చివరి బరువులోంచి మొదటి బరువు తీసేసి రోజులతో భాగిస్తే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. ఆ భాగహారం చేసే ముందు దిద్దుకోవలసినవి కొన్ని ఉన్నాయి, చేశాక ఆ గ్రాముల్లో కొవ్వెంతో విడిగా చూడాలి. ఈ వ్యాసం ఆ వరుసలోనే నడుస్తుంది.

ఉదాహరణకి ఒకే చోటు తీసుకుంటాను. అమెరికా తూర్పు తీరంలో న్యూజెర్సీకి, డెలావేర్‌కి మధ్య ఉన్న డెలావేర్ బే. దక్షిణ అమెరికా చిట్టచివర టియెర్రా డెల్ ఫ్యూగో దాకా వెళ్లి శీతాకాలం గడిపిన రెడ్ నాట్ పక్షులు, కెనడా ఆర్కిటిక్‌లో గుడ్లు పెట్టడానికి పోతూ మే నెలలో ఇక్కడ దిగుతాయి. సరిగ్గా అప్పుడే హార్స్‌షూ పీతలు ఒడ్డుకొచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. నాట్‌లు ఆ గుడ్లు తిని, నెలాఖరుకి బయల్దేరాలి.

## 1. ఏం కొలుస్తున్నామో ముందు తేల్చుకోండి

మజిలీ అంటే పక్షి దిగి, తిని, మళ్లీ ఎగిరేదాకా గడిపే కాలం. ఇంధనం నింపుకునే వేగం అంటే ఆ కాలంలో శరీరంలో నిల్వ పెరిగే వేగం. తిన్న తిండిలోంచి ఒంటి రోజువారీ ఖర్చు పోగా మిగిలిందే నిల్వ. కాబట్టి ఈ వేగం ఎంత తిన్నదో చెప్పదు, ఎంత మిగిల్చిందో చెబుతుంది. చలిగాలి వీచిన రోజున అదే తిండి తిన్నా మిగులు తగ్గుతుంది. ఒడ్డున డేగ తిరిగితే, లేదా మనుషులు కుక్కలతో నడిస్తే, మాటిమాటికీ ఎగరడంలో ఖర్చు పెరుగుతుంది, తినే టైమూ పోతుంది.

వలసంటే ఎగరడమే అనుకుంటాం గానీ, ఖర్చులో పెద్ద వాటా నేల మీదే. అమెరికాలో థ్రష్ పక్షుల మీద మార్టిన్ వికెల్‌స్కీ బృందం 2003లో ప్రకటించిన కొలతల ప్రకారం, మొత్తం వలస ఖర్చులో ఎగరడానికి పోయింది 29 శాతమే. మిగతాదంతా మజిలీల్లో ఖర్చయింది.

వేగాన్ని రెండు రకాలుగా రాస్తారు. ఒకటి రోజుకు గ్రాములు. రెండోది, కొవ్వులేని బరువులో రోజుకు ఎంత శాతం. వేర్వేరు సైజుల పక్షుల్ని పోల్చాలంటే రెండోదే పనికొస్తుంది. రోజుకు 4 గ్రాములు నాట్‌కి మామూలు విషయం, పిచ్చుకంత పక్షికి అసాధ్యం.

## 2. పట్టికలో ఈ గడులు ఉన్నాయో లేదో చూడండి

లెక్కకు కూర్చునే ముందు డేటా పట్టికను ఒక్కసారి ఇలా సరిచూడండి:

- రింగు లేదా కాలి జెండా నంబరు (ఒక్క అక్షరం తేడా వస్తే వేరే పక్షి అయిపోతుంది)
- పట్టుకున్న తేదీ, టైము
- తూచిన టైము (పట్టుకున్న టైము కాదు, విడిగా ఉండాలి)
- బరువు, గ్రాముల్లో
- రెక్క పొడవు లేదా ముక్కు పొడవు
- మొదటిసారి దొరికిందా, మళ్లీ దొరికిందా

మూడోది చాలామంది వదిలేస్తారు. తీరపక్షుల్ని వల వేసి ఒకేసారి పదుల్లో, వందల్లో పడతారు. మొదటి పక్షిని తూచేసరికి, చివరి పక్షిని తూచేసరికి గంటలు గడిచిపోతాయి. ఈలోగా గుడ్డ కప్పిన పంజరంలో ఉన్న పక్షి రెట్ట వేస్తుంది, నీరు కోల్పోతుంది, బరువు తగ్గుతుంది. పట్టుకున్నాక గడిచిన టైము తెలిస్తే ఆ తగ్గుదలను లెక్కగట్టి కలపొచ్చు. తెలియకపోతే, వరుసలో చివరన ఉన్న పక్షులు నిజంగానే బక్కచిక్కాయని రాసేస్తారు.

రెక్క పొడవు ఎందుకంటే, పెద్ద ఎముకల పక్షి కొవ్వు లేకపోయినా బరువే తూగుతుంది. ఇద్దరు మనుషుల లావు పోల్చేటప్పుడు ఎత్తు అడగమా? ఇదీ అంతే.

## 3. సగటు బరువుల్ని నమ్మకండి

ఇక్కడే ఎక్కువమంది జారిపడతారు. మొదటిసారి నేనూ పడ్డాను. కష్టపడి గీసిన గ్రాఫ్‌ను మా గైడ్ ఒక్క ప్రశ్నతో చెత్తబుట్టలో వేయించారు: "ఈ రెండు రోజులూ ఒడ్డున ఉన్నవి అవే పక్షులా?"

లెక్క చూపిస్తాను. ఈ వ్యాసంలోని వల అంకెలన్నీ నేను లెక్క తేలిగ్గా రావడానికి వేసుకున్నవి, వరుస మాత్రం నిజమైన డేటాతో చేసేదే. మే 16న వలలో పడ్డ పక్షుల సగటు బరువు 125 గ్రాములు. మే 20న సగటు 129. నాలుగు రోజుల్లో 4 గ్రాములు, అంటే రోజుకు 1 గ్రాము. చూస్తే ఇక్కడ తిండే లేదనిపిస్తుంది.

ఇప్పుడు మే 20 గుంపులో సగం అంతకుముందు రాత్రే దిగిన కొత్త పక్షులు, ఒక్కోటి సగటున 115 గ్రాములు అనుకోండి. మొత్తం సగటు 129 రావాలంటే పాత పక్షుల సగటు 143 ఉండాలి. అంటే పాతవి 125 నుంచి 143కి పెరిగాయి. నాలుగు రోజుల్లో 18 గ్రాములు, రోజుకు 4.5. అదే డేటా, అదే ఒడ్డు, జవాబు నాలుగున్నర రెట్లు మారింది.

నెలాఖరులో తప్పు ఇంకో వైపు నుంచి వస్తుంది. బాగా బలిసినవి ఎగిరిపోతాయి, వెనకబడ్డవి మిగులుతాయి. ఒక్కో పక్షీ రోజురోజుకీ పెరుగుతున్నా సగటు నిలబడిపోయినట్టు, లేదా తగ్గినట్టు కనిపిస్తుంది.

దీన్ని పసిగట్టే దారి ఒకటుంది. ఏ రోజు సగటునూ ఒంటరిగా చూడకండి, ఆ రోజు బరువులన్నీ గీత మీద చుక్కలుగా పెట్టండి. చుక్కలు రెండు గుంపులుగా విడిపోతే, కొత్తవి పాతవి కలిసిపోయాయని అర్థం.

## 4. మళ్లీ దొరికిన పక్షులతో లెక్క కట్టండి, షాకును తీసేయండి

ఒకే పక్షి రెండుసార్లు దొరికితే గుంపు మారే సమస్య ఉండదు. జెండా మీద "ఎ" అని ఉన్న పక్షిని తీసుకుందాం. మే 16న 118 గ్రాములు, మే 24న 150. ఎనిమిది రోజుల్లో 32 గ్రాములు, రోజుకు 4.

అయినా ఇది అసలు వేగం కాదు. వలలో పడ్డ పక్షి బెదురుతుంది, కొంతసేపు తినదు, వదిలాక కుదుటపడటానికి టైము తీసుకుంటుంది. మర్నాడే మళ్లీ దొరికిన పక్షులు తరచూ మొదటి బరువుకంటే తక్కువే తూగుతాయి. అది తిండి లేక కాదు, మనం పట్టుకున్నందుకు. దీన్ని షాకు అని పిలుద్దాం.

షాకును విడదీయడానికి, మళ్లీ దొరికిన పక్షులన్నిటినీ మధ్యలో గడిచిన రోజుల ప్రకారం పేర్చండి. ఒక రోజు తర్వాత దొరికినవి సగటున 3 గ్రాములు తగ్గాయి, ఎనిమిది రోజుల తర్వాత దొరికినవి సగటున 32 గ్రాములు పెరిగాయి అనుకుందాం. ఈ రెండు చుక్కల మధ్య ఏడు రోజుల్లో 35 గ్రాముల తేడా ఉంది. గీత వాలు రోజుకు 5 గ్రాములు. ఆ గీతను సున్నా రోజుకి వెనక్కి లాగితే మైనస్ 8 గ్రాముల దగ్గర తాకుతుంది. షాకు ఖరీదు ఆ 8 గ్రాములు. ఎవరూ ముట్టుకోని పక్షి పెరిగే వేగం రోజుకు 5.

నిజం డేటాలో చుక్కలు రెండు కాదు, పదులు ఉంటాయి. `R` వాడేవాళ్లకు ఒక్క లైను చాలు:

```
lm(mass_change ~ days_between, data = retraps)
```

ఇందులో `days_between` కింద వచ్చేది వేగం, `Intercept` కింద వచ్చేది షాకు. ఇంటర్‌సెప్ట్‌ను సున్నా చేసి గీత గీయమని ఎవరైనా చెబితే వినకండి. షాకును వేగంలో కలిపేసినట్టే.

ఇక్కడో పరిమితి ఉంది. మళ్లీ దొరికినవి ఆ ఒడ్డున ఆగినవి మాత్రమే. వేగంగా బలిసి ఎగిరిపోయినవి, తిండి బాగోలేక మర్నాడే వేరే తీరానికి వెళ్లినవి మీ పట్టికలో ఉండవు. అందుకే "ఈ ఒడ్డున పక్షులు రోజుకు 5 గ్రాములు పెరిగాయి" అని రాయకండి. "మళ్లీ దొరికిన పక్షులు" అని రాయండి. ఆ రెండు మాటలు రాస్తే పరీక్షకులు అడిగే సగం ప్రశ్నలు తగ్గుతాయి.

## 5. గ్రాముల్ని కొవ్వుగా మార్చేటప్పుడు తొందరపడకండి

గ్రాము కొవ్వులో దాదాపు 39 కిలోజౌళ్ల శక్తి ఉంటుంది. కొవ్వు దాదాపు నీరు లేకుండానే నిల్వ ఉంటుంది. కండ అలా కాదు, అందులో మూడొంతులు నీరే. గ్రాము పచ్చి కండలో శక్తి 5 కిలోజౌళ్ల చుట్టుపక్కల. అంటే ఒక గ్రాము కొవ్వు, ఏడెనిమిది గ్రాముల కండతో సమానం. పక్షులు ఇంధనంగా కొవ్వునే ఎక్కువగా మోయడానికి కారణం ఇదే.

మరి పెరిగిన బరువంతా కొవ్వేనా? డెలావేర్ బేలో దిగిన నాట్ విషయంలో కాదు. వేల కిలోమీటర్లు ఆగకుండా ఎగిరిన పక్షి కొవ్వుతో పాటు కండనూ, పేగులనూ, కాలేయాన్నీ కొంత కరిగించుకుని వస్తుంది. కందనకాయ కూడా చిక్కిపోయి ఉంటుంది. నాట్ మామూలుగా గుల్లల్ని పెంకుతో సహా మింగి కందనకాయతో నూరుకునే పక్షి. చిన్నబోయిన కందనకాయతో ఆ పని కాదు. పెంకు లేని మెత్తటి పీత గుడ్లు దానికి అంత విలువైనవి కావడం ఇందుకే, నూరే పని లేకుండానే అరుగుతాయి.

కాబట్టి బాగా చిక్కి దిగిన పక్షి మొదట పెరిగే గ్రాముల్లో ఎక్కువ భాగం కండ, పేగులు, నీరు. కొన్ని రోజుల తర్వాతే కొవ్వు ఊపందుకుంటుంది. మారే చోటు సుమారు 130 గ్రాముల దగ్గర అనుకుని "ఎ" పక్షికి లెక్క వేద్దాం. నిజంలో గీత గీసినట్టు మారదు, రెండూ కలగలిసే ఉంటాయి. విషయం అర్థం కావడానికి ఇది చాలు.

- 118 నుంచి 130 దాకా: 12 గ్రాములు × 5 = 60 కిలోజౌళ్లు
- 130 నుంచి 150 దాకా: 20 గ్రాములు × 39 = 780 కిలోజౌళ్లు
- మొత్తం: 840 కిలోజౌళ్లు

మొత్తం 32 గ్రాములూ కొవ్వే అనుకుని ఉంటే 1,248 వచ్చేది. దాదాపు సగం ఎక్కువ చెప్పినట్టయ్యేది.

ఇంకో సంగతి కూడా ఇక్కడ కనిపిస్తుంది. గ్రాముల్లో వేగం మొదటి రోజుల్లోనూ చివరి రోజుల్లోనూ ఒకటే ఉన్నా, శక్తిలో వేగం చివర్లో ఎన్నో రెట్లు ఎక్కువ. చివరి నాలుగైదు రోజుల్లో తిండి తగ్గితే జరిగే నష్టం అంత పెద్దది.

## 6. గడువు పెట్టి వెనక్కి లెక్కించండి

వేగం తెలిశాక అసలు ప్రశ్న: పక్షి టైముకి సిద్ధమవుతుందా? డెలావేర్ బేలో పనిచేసేవాళ్లు నాట్ బయల్దేరడానికి కనీసం 180 గ్రాములు ఉండాలని గీత గీసుకున్నారు. గడువు నెలాఖరు. మన లెక్కకు మే 30 అనుకుందాం.

"ఎ" పక్షికి మే 24న ఇంకా 30 గ్రాములు కావాలి. రోజుకు 5 చొప్పున ఆరు రోజులు. మే 30కి సరిగ్గా అందుకుంటుంది. అయితే మే 24న మనం దాన్ని మళ్లీ పట్టుకున్నాం కదా? ఇంకో 8 గ్రాముల షాకు. ఇప్పుడు 38 గ్రాములు కావాలి, ఏడున్నర రోజుల పైనే. పక్షి గడువు దాటింది, దాటించింది మనం. ఒక పక్షిని ఒక సీజన్‌లో ఎన్నిసార్లు పట్టుకోవచ్చన్నది ఈ లెక్కతోనే తేల్చుకోవాలి.

ఇప్పుడు "బి" పక్షి. మే 22న 118 గ్రాములతో దిగింది. దాన్ని ఎవరూ పట్టుకోలేదు, ఒంటి లావు చూసి దూరం నుంచే అంచనా వేశారు. ఎనిమిది రోజుల్లో 62 గ్రాములు కావాలి, అంటే రోజుకు 7.75. కొవ్వులేని బరువు 130 అనుకుంటే అది రోజుకు దాదాపు 6 శాతం. "ఎ" వేగం 3.8 శాతం మాత్రమే.

ఇంత వేగం సాధ్యమా? తిండికి కొదవ లేకపోతే సాధ్యమే. పగలూ రాత్రీ తినే వీలున్నప్పుడు తీరపక్షులు విశ్రాంతిలో ఒంటికి అయ్యే ఖర్చుకి పదింతల దాకా శక్తిని అరిగించుకోగలవని ఆండెర్స్ క్విస్ట్, ఓకె లిండ్‌స్ట్రోమ్ చూపించారు. డెలావేర్ బేలో కూడా, పీత గుడ్లు పుష్కలంగా ఉంటే ఆలస్యంగా దిగిన నాట్‌లు వేగం పెంచి ముందొచ్చినవాటిని అందుకోగలవు. గుడ్లు తగ్గితే మొదట దెబ్బ తగిలేది వాటికే. అందుకని సీజన్ మొత్తానికి ఒకే సగటు వేగం ఇవ్వకండి. దిగిన వారాన్ని బట్టి విడదీసి ఇవ్వండి.

## 7. బరువును దూరంగా మార్చండి

ఎగిరే పక్షి గంటగంటకీ తన బరువులో ఒక చిన్న శాతం కోల్పోతుంది. ఆ శాతం స్థిరం అనుకుంటే దూరం ఇలా వస్తుంది:

```
Y = (U / k) × ln(1 + f)
```

ఇందులో `Y` దూరం, `U` గంటకు వేగం, `k` గంటకు తగ్గే బరువు వాటా, `f` అంటే ఇంధనాన్ని కొవ్వులేని బరువుతో భాగిస్తే వచ్చేది. చిన్న పక్షులకు `k` ను తరచూ 0.01గా, అంటే గంటకు 1 శాతంగా తీసుకుంటారు.

180 గ్రాముల నాట్‌కి `f` = 50/130 = 0.385. దాని `ln(1 + f)` 0.325. వేగం గంటకు 60 కి.మీ. అనుకుంటే, `k` = 0.01 దగ్గర 1,950 కి.మీ. వస్తుంది. ఆర్కిటిక్ గూళ్లు ఇక్కడికి సుమారు 3,000 కి.మీ. మరి పక్షులు దారిలో పడిపోవాలి కదా? పడిపోవు. ఆ 1 శాతం చిన్న పక్షుల అంకె, నాట్ లాంటి పొడుగు రెక్కల, ఇంకా పెద్ద పక్షి గంటకు కోల్పోయే వాటా అంతకంటే తక్కువ. `k` = 0.007 పెట్టి చూడండి, 2,790 కి.మీ. వస్తుంది. వెనక గాలి తోడైతే మిగతాది కూడా అందుతుంది. ఒక్క అంకె మారితే జవాబు 800 కి.మీ. పైగా మారింది. కాబట్టి ప్రాజెక్టులో ఒకే దూరం రాయకండి, రెండు `k` విలువలకీ రెండు దూరాలు రాయండి.

ఇదే సూత్రంతో 160 గ్రాముల పక్షికి (`k` = 0.007) 1,780 కి.మీ. వస్తుంది. మొదటి 30 గ్రాములు ఒక్కోటి దాదాపు 59 కి.మీ. ఇస్తే, తర్వాతి 20 గ్రాములు ఒక్కోటి 50 కి.మీ. ఇచ్చాయి. బరువైన పక్షి ఆ బరువును మోయడానికే కొంత ఇంధనం కాలుస్తుంది. అందుకే అన్ని పక్షులూ ప్రతి మజిలీలో నిండా మేసి బయల్దేరవు. చేరువలో ఇంకో మంచి మజిలీ ఉంటే కొంచెంతోనే లేచిపోతాయి.

నాట్‌కి ఆ వీలు తక్కువ. పైగా ఆర్కిటిక్‌లో దిగేసరికి మంచు ఇంకా కరగకపోవచ్చు, పురుగులు బయటికి రాకపోవచ్చు. కొన్ని రోజులు నిల్వ మీదే బతకాలి, గుడ్లు పెట్టడానికి ఒళ్లు సిద్ధం చేసుకోవాలి. 180 గ్రాముల గీతలో ఆ తరవాయి కూడా ఉంది. గట్టి వెనక గాలితో దూరం లెక్క సరిపోయింది కదా అని 165 గ్రాములు చాలని రాస్తే తప్పు.

## 8. మళ్లీ దొరికినవి మరీ తక్కువగా ఉంటే

చాలా చోట్ల ఇదే పరిస్థితి. పులికాట్ లాంటి పెద్ద సరస్సులో ఒకసారి రింగు వేసిన చిన్న ఉల్లంకి అదే సీజన్‌లో మళ్లీ మీ వలలో పడటం అదృష్టం మీద ఆధారపడి ఉంటుంది. అప్పుడు చిన్న రక్తపు చుక్కతో పని నడుస్తుంది. బలుస్తున్న పక్షి రక్తంలో ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉంటాయి. పస్తుండి కొవ్వు కరిగిస్తున్న పక్షిలో బీటా హైడ్రాక్సీబ్యుటిరేట్ ఎక్కువగా ఉంటుంది. ఒక్కసారి దొరికినా ఆ పక్షి పైకి పోతోందా కిందకి పోతోందా తెలుస్తుంది.

అయితే వలలో పడ్డ నిమిషం నుంచే ఈ అంకెలు మారడం మొదలవుతాయి. రక్తం తీసిన టైము తప్పకుండా రాయండి. ఇది రెండు చోట్ల తిండిని పోల్చడానికి బాగుంటుంది, రోజుకు ఇన్ని గ్రాములని చెప్పడానికి కాదు.

## 9. అప్పజెప్పే ముందు

- వేగం మైనస్‌లో వచ్చిందా? ముందు రోజుల వ్యవధి చూడండి. ఒకటి రెండు రోజుల జతలే ఎక్కువుంటే అది షాకు.
- ఒక పక్షి రోజుకు 20 గ్రాములు పెరిగిందా? జెండా నంబరు తప్పు చదివి ఉంటారు. రెక్క పొడవు రెండుసార్లూ కలుస్తోందో లేదో చూడండి.
- పొద్దున పట్టినవి, సాయంత్రం పట్టినవి కలిపేశారా? కడుపులో తిండి బరువే కొన్ని గ్రాములు ఉంటుంది. విడదీయండి.
- వేగం పక్కన ఎన్ని పక్షులతో వచ్చిందో రాశారా?
- శాతం రాసినచోట కొవ్వులేని బరువు ఎంత అనుకున్నారో చెప్పారా?

ఈ లెక్క తప్పితే ఏమవుతుందో డెలావేర్ బేలోనే చూడొచ్చు. ఆలన్ బేకర్ బృందం 2004లో ప్రకటించిన వివరాల ప్రకారం, నెలాఖరుకి సరిపడా బరువు అందుకునే నాట్‌ల వాటా తగ్గుతూ వచ్చిన ఆ ఏళ్లలోనే, ఎదిగిన పక్షుల్లో ఏడాది తిరిగేసరికి బతికి ఉన్నవి 85 శాతం నుంచి 56 శాతానికి పడిపోయాయి. టియెర్రా డెల్ ఫ్యూగోలో శీతాకాలపు లెక్క 2000లో సుమారు 51,000 ఉంటే, 2002కి 27,000. మే నెల సగటు బరువులు మాత్రమే చూస్తూ కూర్చుంటే, వచ్చిపోయే పక్షుల మధ్య ఆ పడిపోవడం కంటికి ఆనేది కాదు.